గుండెల్లో మంట లేదు, గొంతు మాత్రం బొంగురు: నిశ్శబ్ద రిఫ్లక్స్ సంగతి

ప్రశ్న: నాకు 41 ఏళ్లు. చిత్తూరులో డిగ్రీ కళాశాలలో పాఠాలు చెబుతాను. మూడు నెలలుగా పొద్దున లేవగానే గొంతు బొంగురుగా, నోరు పుల్లగా ఉంటోంది. రోజంతా గొంతు సవరించుకుంటూనే ఉన్నాను. గుండెల్లో మంట ఎప్పుడూ లేదు. ఎండోస్కోపీలో ఏమీ లేదన్నారు. ఒక నెల గ్యాస్ మాత్ర వేసుకున్నా తగ్గలేదు. మా అమ్మగారికి ఇదే మాత్రతో రెండు రోజుల్లో మంట తగ్గిపోయింది. ఇంతకీ నాది గ్యాసా, కాదా?

సమాధానం:

అమ్మా, మీరు రాసిన లక్షణాలను బట్టి చూస్తే పొట్టలోని పదార్థం గొంతు దాకా వస్తూ ఉండే అవకాశమే ఎక్కువ. దీన్నే నిశ్శబ్ద రిఫ్లక్స్ అంటారు. గుండెల్లో మంట లేనంత మాత్రాన, ఎండోస్కోపీ బాగున్నంత మాత్రాన అది లేదని చెప్పలేము. అయితే నిర్ధారణ చేసుకోవడానికి ముందు ఒకసారి ముక్కు, చెవి, గొంతు వైద్యుల దగ్గర స్వరపేటికను కెమెరాతో చూపించుకోవాలి, ఎందుకంటే మీ బొంగురు నాలుగు వారాలు దాటి చాలా కాలమైంది. ఇక మాత్ర పని చేయకపోవడానికి మీరు దాన్ని వేసుకున్న తీరు ఒక కారణం కావచ్చు. అంతకంటే పెద్ద కారణం, గొంతుకు జరిగే హాని కేవలం ఆమ్లం వల్ల కాకపోవడం. నేను తిరుపతిలో చాలా ఏళ్లుగా ఈ వైద్యమే చేస్తున్నాను కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

ముందు మీ అమ్మగారికీ మీకూ ఉన్న తేడా చూద్దాం. ఆవిడ బాధ అన్నవాహిక కింది భాగంలో ఉంది. భోజనం తరువాత నడుము వాల్చినప్పుడో, వంగినప్పుడో ఆమ్లం అక్కడికి ఎగదన్ని చాలాసేపు నిలుస్తుంది, మంట పుడుతుంది. అన్నవాహిక లోపలి పొర నిజానికి ఓర్పు గలది. ఆరోగ్యంగా ఉన్నవారిలో కూడా రోజుకు 40 సార్ల లోపు పొట్టలోని పదార్థం కొంచెం పైకి వచ్చి పోవడం మామూలే. వచ్చిన ఆమ్లాన్ని అన్నవాహిక తన కదలికలతో కిందికి తోసేస్తుంది, మింగిన లాలాజలంలోని క్షారం మిగిలినదాన్ని విరిచేస్తుంది. అక్కడ మంట పుట్టాలంటే ఆమ్లం తరచుగా రావాలి, లేదా వచ్చినది ఎక్కువసేపు ఉండిపోవాలి.

స్వరపేటికకు ఇలాంటి రక్షణ ఏదీ లేదు. అరచేతికి కారం అంటితే కడుక్కుని మరచిపోతాము, అదే కారం రవ్వంత కంట్లో పడితే గంటసేపు కళ్లు తెరవలేము. అన్నవాహికకూ స్వరపేటికకూ ఉన్న తేడా అలాంటిదే. అమెరికాలో జేమీ కౌఫ్‌మన్ అనే స్వరపేటిక వైద్యురాలు 1991లో ప్రచురించిన పరిశోధనలో, జంతువుల స్వరపేటికకు వారానికి మూడుసార్లు ఈ ద్రవం తగిలినా గాయం అవుతుందని చూపించారు. ఆమె పరిశీలించిన రోగుల్లో గుండెల్లో మంట ఉన్నవారు సగం కంటే తక్కువే. అంటే గొంతును పాడుచేయడానికి సరిపోయేంత ద్రవం అన్నవాహికలో మంట పుట్టించడానికి చాలదు. మీ ఎండోస్కోపీలో అన్నవాహిక శుభ్రంగా కనిపించడం ఇందుకే ఆశ్చర్యం కాదు. ఆ పరీక్ష చూసేది అన్నవాహికను, పొట్టను. మీ బాధ ఉన్నది అంతకు పైన.

వేళల్లో కూడా తేడా ఉంది. మామూలు మంట ఎక్కువగా రాత్రి పడుకున్నాక బాధిస్తుంది. గొంతు రకం పగటిపూట, నిలబడి ఉన్నప్పుడు, వంగి లేచినప్పుడు, గట్టిగా మాట్లాడేటప్పుడు కూడా వస్తుంది. చాలామందిలో ఇది ఆవిరిలాగా, నురుగులాగా కొద్దికొద్దిగా వస్తుంది కాబట్టి వచ్చిన క్షణం తెలియదు. తెలిసేది దాని ఫలితం మాత్రమే: పొద్దున బొంగురు, నోట్లో పులుపు, గొంతులో ఏదో అడ్డుపడ్డట్టు ఉండడం, ఊరికే గొంతు సవరించుకోవాలనిపించడం.

ఆమ్లం ఒక్కటే కాదు, పెప్సిన్ కూడా. మాంసకృత్తులను అరిగించడానికి పొట్టలో తయారయ్యే పెప్సిన్ అనే రసం, పైకి వచ్చిన ద్రవంతోపాటు గొంతులోకి చేరి కణాలకు అతుక్కుంటుంది. ఆమ్లం తగ్గిపోగానే అది పని మానేస్తుంది కానీ చచ్చిపోదు. మళ్లీ పులుపు తగిలితే తిరిగి పని మొదలుపెడుతుందని ప్రయోగశాలలో తేలింది. గ్యాస్ మాత్ర చేసేది ఆమ్లం ఊరడాన్ని తగ్గించడం. అది పైకి రావడాన్ని ఆపదు, పెప్సిన్‌ను ఆపదు. మీ అమ్మగారి మంటకు కారణం ఆమ్లమే కాబట్టి అది తగ్గగానే ఆవిడకు సుఖం కలిగింది. మీ గొంతుకు మాత్రం ఆమ్లం తగ్గిన ద్రవం వచ్చినా ఇబ్బందే.

ఈ మాత్రల గురించి ఒక నిజం చెప్పాలి. 2021లో వెలువడిన ఒక పెద్ద బ్రిటిష్ పరిశోధనలో, చాలాకాలంగా గొంతు బాధలున్నవారికి లాన్సొప్రజోల్ మాత్రను రోజుకు రెండుపూటలా 16 వారాలు ఇచ్చి చూశారు. మందు వేసుకున్నవారికీ ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవారికీ తేడా కనిపించలేదు, ఇద్దరూ దాదాపు ఒకే మేరకు బాగుపడ్డారు. గుండెల్లో మంట కూడా ఉన్నవారికి నేను ఇప్పటికీ ఈ మాత్ర ఇస్తాను. కేవలం గొంతు బాధ ఉన్నవారికి నెలల తరబడి మోతాదు పెంచుకుంటూ పోవడాన్ని మాత్రం సమర్థించను.

ఇప్పుడు ఒక రోగి సంగతి చెబుతాను, ఎందుకంటే మీ పరిస్థితికి అది బాగా దగ్గరగా ఉంది. ఆయన తిరుపతి బస్టాండు దగ్గర ఒక లాడ్జిలో సూపర్‌వైజరు, వయసు నలభై ఆరు. వచ్చే యాత్రికులతో రోజంతా మాట్లాడాలి. నా దగ్గరికి వచ్చి కూర్చోగానే అన్న మాట ఇది: "సార్, గొంతులో గళ్ళ ఇరుక్కున్నట్టే ఉంది. కక్కితే రాదు, మింగితే పోదు." మాట్లాడిన పది నిమిషాల్లోనే చాలాసార్లు గొంతు సవరించుకున్నారు. జేబులో పుదీనా బిళ్లల పొట్లం ఉంది, గొంతు ఆరినప్పుడల్లా ఒకటి చప్పరిస్తున్నారు. సిగరెట్, గుట్కా అలవాట్లు లేవు. ఎండోస్కోపీ బాగుంది. పాంటొప్రజోల్ నలభై మిల్లీగ్రాముల మాత్రను నెలరోజులుగా టిఫిను తిన్నాక వేసుకుంటున్నారు.

నేను ముందు మాత్రల జోలికి వెళ్లకుండా ఆయన దినచర్య అడిగాను. డ్యూటీ రాత్రి పదకొండుకు ముగుస్తుంది. ఇంటికి వెళ్లి పదకొండున్నరకు కడుపునిండా అన్నం, చింతపండు పులుసు, ఊరగాయ తిని, పన్నెండు కాకముందే చాప మీద వాలిపోతారు. సాయంత్రం ఆరు నుంచి ఆ వేళ దాకా టీలు, మధ్యలో మిరపకాయ బజ్జీలు. నిండిన పొట్టతో పడుకుంటే అన్నవాహిక కింది కవాటం మీద ఒత్తిడి ఎక్కువగా ఉంటుంది. నిద్రలో మింగడం బాగా తగ్గిపోతుంది కాబట్టి పైకి వచ్చినది కిందికి దిగే దారి కూడా మందగిస్తుంది. ఇక పుదీనా ఆ కవాటాన్ని సడలిస్తుంది. అంటే గొంతు సుఖం కోసం ఆయన వాడుతున్న బిళ్లే పొట్టలోని పదార్థానికి తలుపు తీస్తోంది.

కెమెరాతో చూస్తే స్వరపేటిక వెనుక భాగం, అంటే అన్నవాహిక ముఖద్వారానికి ఆనుకుని ఉండే చోటు, ఎర్రబడి ఉబ్బి ఉంది. స్వరతంత్రుల మీద చిక్కటి జిగురు తీగలు సాగుతోంది. గడ్డలు లేవు, తంత్రులు రెండూ చక్కగా కదులుతున్నాయి. ఈ ఎరుపును చూసి వెంటనే రిఫ్లక్స్ అని రాసేసేవారు ఉన్నారు, కానీ ఏ బాధా లేని ఆరోగ్యవంతుల్లో కూడా ఇది తరచుగా కనిపిస్తుంది. కెమెరా పరీక్ష అసలు ప్రయోజనం క్యాన్సరు, గడ్డ, తంత్రి పక్షవాతం లాంటివి లేవని తేల్చుకోవడమే. కాబట్టి లక్షణాలకు మార్కులు వేసే ఒక పట్టిక కూడా వాడాను. అందులో బొంగురు, గొంతు సవరింపు, గళ్ళ, మింగడంలో ఇబ్బంది, తిన్నాక దగ్గు వంటి తొమ్మిది అంశాలకు 0 నుంచి 5 దాకా రోగే మార్కులు వేసుకోవాలి. మొత్తం 13 దాటితే అనుమానించాలి. ఆయనకు 22 వచ్చాయి. ఈ అంకె రోగాన్ని రుజువు చేయదు, మందు మొదలుపెట్టాక మార్పు ఉందో లేదో కొలవడానికి మాత్రం చాలా పనికొస్తుంది.

ఆయనకు చెప్పినవి నాలుగే. యాజమాన్యంతో మాట్లాడి రాత్రి భోజనాన్ని డ్యూటీలోనే ఎనిమిదిన్నరకు తెచ్చుకున్నారు, ఇంటికి వెళ్లాక మంచినీళ్లు తప్ప ఏమీ లేదు. పుదీనా బిళ్లలు మానేసి నీళ్ల సీసా పట్టుకున్నారు. మాత్రను టిఫినుకు, రాత్రి భోజనానికి అరగంట ముందు వేసుకోమన్నాను. ఆమ్లం తయారుచేసే కణాలు భోజనం వల్లే పనిలోకి దిగుతాయి, ఆ సమయానికి మందు రక్తంలో సిద్ధంగా ఉంటేనే వాటిని అడ్డుకోగలదు. తిన్నాక వేసుకుంటే చాలావరకు వృథా. మీ విషయంలో కూడా ఇది అడిగి చూడదగినది. నాలుగోది, పడుకునే ముందు 10 మిల్లీలీటర్ల ఆల్జినేట్ సిరప్. ఇది సముద్రపు నాచు నుంచి తీసిన పదార్థం, పొట్టలోని ద్రవం మీద తెప్పలాగా తేలి పైకి రాకుండా అడ్డుగా నిలుస్తుంది. పైకి రాబోయేది ఆమ్లమైనా, పెప్సిన్ అయినా ఈ అడ్డు పనిచేస్తుంది కాబట్టి గొంతు రకానికి ఇదే నాకు ఎక్కువ నచ్చిన మందు. ఇందులో ఉప్పు ఉంటుంది కనుక గుండె, మూత్రపిండాల జబ్బులున్నవారు, ఉప్పు తగ్గించమన్నవారు తమ వైద్యులను అడిగే వాడాలి.

నెల తరువాత నోట్లో పులుపు పోయింది, బొంగురు మాత్రం అలాగే ఉంది. ఆయన నిరాశపడ్డారు. ఇది మామూలు క్రమమే. పులుపు ముందు పోతుంది, తరువాత గొంతు సవరింపు తగ్గుతుంది, వాపు తీసుకుని స్వరం తేటపడడం అన్నిటికంటే చివర. మూడో నెల చివరికి మార్కులు 9కి దిగాయి. అప్పుడు మాత్రను రెండుపూటల నుంచి ఒకపూటకు, తరువాత రోజు మార్చి రోజుకు తగ్గించి ఆపేశాము. ఒక్కసారిగా ఆపితే ఆమ్లం కొన్నాళ్లు మరింత ఎక్కువగా ఊరుతుంది, దాంతో జబ్బు తిరిగి వచ్చిందని రోగి భయపడతారు. ఆయనకు జబ్బు నిజంగానే తిరగబెట్టింది, కానీ బ్రహ్మోత్సవాల్లో. ఆ వారమంతా గదుల రద్దీ వల్ల అర్ధరాత్రి దాటాక తినడం, నిద్రలేమి, గొంతు చించుకుని అరవడం. భోజన వేళ మళ్లీ గాడిలో పడ్డాక, ఆల్జినేట్ ఒక్కటి వాడితేనే సర్దుకుంది. మాత్ర మళ్లీ మొదలుపెట్టలేదు.

గొంతు సవరించుకోవడమే ఒక గాయం. మీరు పాఠాలు చెప్పేవారు కాబట్టి ఇది ప్రత్యేకంగా చెబుతున్నాను. గట్టిగా "హ్మ్" అని గొంతు సవరించుకున్నప్పుడు స్వరతంత్రులు రెండూ ఒకదానితో ఒకటి బలంగా కొట్టుకుంటాయి. అప్పుడు ఆ చోట వాపు పెరుగుతుంది, వాపుకు జిగురు ఊరుతుంది, జిగురు వల్ల మళ్లీ సవరించుకోవాలనిపిస్తుంది. మొదట రిఫ్లక్స్ వల్ల మొదలైనది, రిఫ్లక్స్ తగ్గాక కూడా ఈ అలవాటు వల్లే కొనసాగుతుంది. చాలామందిలో మందు విఫలమైందనుకోవడానికి అసలు కారణం ఇదే. సవరించుకోవాలనిపించిన క్షణం ఒక గుక్క నీళ్లు తాగి, గడ్డం కొంచెం దించి గట్టిగా మింగండి. నీళ్లు అందుబాటులో లేకపోతే లాలాజలాన్నే మింగండి. అప్పటికీ ఆగకపోతే గొంతు కలపకుండా, గాలిని మాత్రమే "హ" అని నెమ్మదిగా బయటికి వదిలి మింగండి. మొదటి వారం ఇది చాలా కష్టం, దురద లాంటి కోరిక అది. ఇంట్లోవారినో తోటి అధ్యాపకులనో మీరు సవరించుకున్నప్పుడల్లా చెప్పమనండి, చాలాసార్లు మనకే తెలియకుండా చేస్తూ ఉంటాము. తరగతిలో గుసగుసగా మాట్లాడితే గొంతుకు విశ్రాంతి అనుకోకండి, అది ఇంకా శ్రమ. మైకు ఉంటే వాడండి.

తిండి గురించి పెద్ద జాబితాలు ఇవ్వడం నాకు ఇష్టం లేదు, ఎవరూ పాటించరు. మన ప్రాంతంలో చింతపండు, కారం లేని భోజనం పెట్టమంటే ఇంట్లోవారికి శిక్ష. నేను అడిగేది రెండే: రాత్రి భోజనానికీ పడకకూ మధ్య మూడు గంటలు, ఆ ఒక్క పూట పులుసు, నూనె సరుకు, టీ, కాఫీ తగ్గించడం. మధ్యాహ్నం సంగటి, పులుసు తిన్నా అంత నష్టం లేదు. కూల్‌డ్రింకులు మాత్రం పూర్తిగా మానండి. వాటిలో గ్యాసు త్రేన్పులు తెప్పిస్తుంది, పులుపు పెప్సిన్‌ను లేపుతుంది. మంచం తల వైపు కాళ్ల కింద ఆరు అంగుళాల దిమ్మెలు పెట్టుకోవచ్చు. రెండు మూడు దిండ్లు పేర్చుకోవడం దానికి సాటి రాదు, దాంతో నడుము దగ్గర మడత పడి పొట్ట మీద ఒత్తిడి ఇంకా పెరుగుతుంది. నేల మీద పడుకునేవారు ఎడమ పక్కకు తిరిగి పడుకుంటే చాలావరకు ప్రయోజనం దక్కుతుంది.

ఇవన్నీ చెప్పాక, మీది రిఫ్లక్సే అని నేను ఇక్కడ కూర్చుని తేల్చేయలేను. గొంతు సవరింపుకు మరో రెండు కారణాలు తరచుగా కనిపిస్తాయి. ముక్కు ఎలర్జీ ఉన్నవారిలో జిగురు ముక్కు వెనుక నుంచి గొంతులోకి జారుతుంది. వారికి తుమ్ములు, ముక్కు దిబ్బడ కూడా ఉంటాయి, నోట్లో పులుపు సాధారణంగా ఉండదు. రెండోది బీపీ మాత్ర. రామిప్రిల్, ఎనలాప్రిల్ రకం మాత్రలు కొందరికి ఎడతెగని పొడిదగ్గు, గొంతు గీర తెప్పిస్తాయి. పుత్తూరు నుంచి వచ్చిన ఒక పెద్దావిడకు ఏడాదిగా రిఫ్లక్స్ మందులు వాడినా ప్రయోజనం లేదు. సంచీలోని మాత్రలన్నీ బల్ల మీద పరిస్తే అందులో రామిప్రిల్ ఉంది. ఆవిడ గుండె వైద్యులే దాన్ని వేరే రకానికి మార్చారు, నెల తిరిగేసరికి దగ్గు పోయింది. మీరు బీపీ మాత్ర ఏదైనా వాడుతుంటే పేరు చూసుకోండి, కానీ మీ అంతట మీరు ఆపకండి. ఆస్తమాకు పీల్చే మందులు వాడుతున్నా బొంగురు వస్తుంది, అది కూడా వైద్యులకు చెప్పాలి.

కొన్ని సందర్భాల్లో మాత్రం ఈ ప్రయోగాలేవీ చేయకుండా వెంటనే చూపించుకోవాలి. బీడీ, సిగరెట్, ఖైనీ, మద్యం అలవాటు ఉన్నవారికి బొంగురు రావడం, మింగేటప్పుడు నొప్పి లేదా అడ్డం, ఉమ్మిలో రక్తం, మెడలో గడ్డ, ఒకే వైపు చెవిపోటు, కారణం లేకుండా బరువు తగ్గడం, ఊపిరి తీసుకుంటే కూత వినిపించడం వంటివి ఉంటే రిఫ్లక్స్ అనుకుని మందుల దుకాణం చుట్టూ తిరగకూడదు. స్వరపేటిక క్యాన్సరు తొలిదశలో కేవలం బొంగురుగానే ఉంటుంది, ఆ దశలో దొరికితే నయమయ్యే అవకాశం చాలా ఎక్కువ.

మీ విషయంలో నా సలహా క్రమం ఇలా ఉంటుంది. ఈ వారంలోనే కెమెరా పరీక్ష చేయించుకోండి, ఐదు నిమిషాల పని, పెద్దగా నొప్పి ఉండదు. అది మామూలుగా ఉంటే భోజన వేళ, ఆల్జినేట్, గొంతు సవరింపు మానడం, ఈ మూడింటినీ మూడు నెలలు నిజాయితీగా పాటించండి. మొదటి రోజు, తరువాత నెలకొకసారి పైన చెప్పిన తొమ్మిది అంశాలకు మీరే మార్కులు వేసి రాసిపెట్టుకోండి. మూడు నెలలకు కూడా అంకె దిగకపోతే మాత్ర మోతాదు పెంచమని అడగవద్దు. అప్పుడు చేయవలసినది 24 గంటల పీహెచ్, ఇంపిడెన్స్ పరీక్ష. ముక్కు ద్వారా సన్నటి గొట్టం ఒకటి వేసి ఒక రోజంతా ఉంచుతారు. ఆమ్లం ఉన్నదీ లేనిదీ, పైకి వచ్చిన ప్రతిసారీ అది నమోదు చేస్తుంది. ఈ సదుపాయం అన్ని ఊళ్లలో ఉండదు, పెద్దాసుపత్రుల జీర్ణకోశ విభాగాల్లో అడగాలి. పరీక్షకు ముందు వారంపాటు గ్యాస్ మాత్ర ఆపమంటారు, ఆల్జినేట్ ఎప్పుడు ఆపాలో కూడా అక్కడే చెబుతారు. ఆ పరీక్ష కూడా బాగుంటే మీ గొంతుకు రిఫ్లక్స్ కారణం కాదని దాదాపుగా తేలినట్టే. అప్పుడు స్వర చికిత్స నిపుణుల దగ్గరికి వెళ్లాలి. పాఠాలు చెప్పేవారిలో మెడ కండరాలు బిగపట్టి మాట్లాడడం వల్ల అచ్చంగా ఇవే లక్షణాలు రావడం నేను తరచుగా చూస్తున్నాను, దానికి ఏ గ్యాస్ మాత్రా పనికిరాదు.